విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార విధానం

ఈ విధానం మా జూనియర్ కళాశాలలో మొదటి, రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థులందరికీ వర్తిస్తుంది. బోధన, ప్రాక్టికల్స్, హాజరు నమోదు, స్కాలర్‌షిప్, సర్టిఫికెట్ల జారీ, తాగునీరు, మరుగుదొడ్లు, తోటి విద్యార్థుల లేదా సిబ్బంది ప్రవర్తన, వీటిలో దేనిపైనైనా ఫిర్యాదు చేయవచ్చు.

ముందుగా తరగతి ఇన్‌ఛార్జి లెక్చరర్‌కు నోటిమాటగా చెబితే చాలు. ఆయన లేదా ఆమె మూడు పనిదినాల్లో సమాధానం చెప్పాలి. హాజరు తప్పుగా పడటం వంటి చిక్కులు చాలావరకు ఇక్కడే తీరిపోతాయి. ఫిర్యాదు ఆ లెక్చరర్‌పైనే అయితే ఈ దశతో పనిలేదు, నేరుగా ఫిర్యాదుల కమిటీకి రాయవచ్చు.

కమిటీలో కన్వీనర్‌గా సీనియర్ లెక్చరర్, ఒక మహిళా లెక్చరర్, విద్యార్థుల తల్లిదండ్రుల్లో ఒకరు, రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు ఉంటారు. ఫిర్యాదును తెల్లకాగితంపై రాసి కన్వీనర్‌కు ఇవ్వవచ్చు లేదా లైబ్రరీ మెట్ల పక్కనున్న పెట్టెలో వేయవచ్చు. స్టాఫ్ రూమ్ ఎదుట ఉన్నన్నాళ్లూ ఆ పెట్టె ఖాళీగానే ఉండేది కాబట్టి దానిని అక్కడికి మార్చాం. రెండు తాళాల్లో ఒకటి కన్వీనర్ వద్ద, రెండోది మహిళా లెక్చరర్ వద్ద ఉంటాయి. సోమ, గురువారాల్లో ఇద్దరూ కలిసే తెరుస్తారు. పేరు రాసినవారికి మరుసటి పనిదినంలోగా నంబరు వేసిన రసీదు అందుతుంది. పేరు లేని ఫిర్యాదునూ చదువుతాం, కానీ సమాధానం ఎవరికి చెప్పాలో తెలియదు గనుక తీసుకున్న చర్యను నోటీసు బోర్డులో పెడతాం.

కమిటీ ఇరుపక్షాలనూ విడివిడిగా విని, పది పనిదినాల్లో నిర్ణయాన్ని కారణాలతో సహా రాతపూర్వకంగా ఇవ్వాలి. హాల్ టికెట్ వంటి అత్యవసర విషయమైతే ఒక్క రోజులోనే తేల్చాలి. పరీక్ష అయిపోయాక వచ్చే న్యాయం విద్యార్థికి అక్కరకు రాదు. నిర్ణయం నచ్చకపోతే ఏడు రోజుల్లో ప్రిన్సిపాల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆయన మరో ఏడు పనిదినాల్లో తేల్చాలి. అక్కడా తృప్తి లేకపోతే జిల్లా ఇంటర్మీడియెట్ విద్యాధికారికి రాసుకునే హక్కు విద్యార్థికి ఉంది.

రిజిస్టర్‌లో నంబరు, విషయం మాత్రమే రాస్తారు. పేరున్న కాగితం సీలు వేసిన కవరులో కన్వీనర్ బీరువాలో ఉంటుంది. వ్యక్తిగత ఫిర్యాదుల విచారణలో విద్యార్థి సభ్యుడు, తల్లిదండ్రుల ప్రతినిధి కూర్చోరు. ఎవరిపై ఫిర్యాదు వచ్చిందో వారు ఏ దశలోనూ నిర్ణయంలో పాల్గొనరాదు. ఫిర్యాదు చేసినందుకు తరగతిలో హేళన చేసినా, ఇంటర్నల్ మార్కుల్లో కోత పెట్టినా దానిని వేరే ఫిర్యాదుగా విచారిస్తాం.

గోప్యతకు ఒక హద్దు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండనివారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. అలాంటి విషయాన్ని కమిటీ రాజీ చేయదు, పది రోజులు ఆగదు. చెప్పడానికి వచ్చిన విద్యార్థికి ఈ సంగతి ముందే వివరించి, పోలీసుల వద్దకు వెళ్లేటప్పుడు నమ్మకమైన పెద్దవారు తోడుండేలా చూస్తాం. కళాశాలలో ఎవరికీ చెప్పలేనివారు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.