విషయం: ఆపరేషన్ తర్వాత మెల్లమెల్లగా డ్యూటీలో చేరడం గురించి

హన్మకొండ, నవంబర్ 24

రవీందర్ సార్‌కు నమస్తే,

మొన్న ఫోన్‌లో "ఎప్పుడొస్తున్నవ్ సంపత్" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా. డిసెంబర్ 1, సోమవారం నుంచి వస్తాను. కానీ మొదట్లో ఒక పూటే, అది కూడా ఎనుమాముల యార్డుకు కాదు, ఆఫీసుకు. ఎందుకో వివరంగా చెప్పాలి, లేకపోతే నన్ను చూడగానే మీకు వేరేలా అనిపిస్తుంది. మొహం వాపు చాలావరకు దిగింది, పొట్ట కూడా కొంచెం తగ్గింది, చూసిన వాళ్లంతా "మంచిగైనవ్ రా" అంటున్నారు. ఒంట్లో సత్తువ మాత్రం ఆపరేషన్ ముందుకంటే ఇప్పుడే తక్కువ. ఇది నా బద్ధకం కాదు, జబ్బు తగ్గే తీరే అంత.

జబ్బు పేరు కుషింగ్స్. మెదడు కింద, ముక్కు వెనకాల పీయూష గ్రంథి అని ఉంటుంది కదా, చిన్నప్పుడు సైన్స్‌లో చదువుకున్నదే. అందులో నాకు చిన్న గడ్డ వచ్చింది, ఆరు మిల్లీమీటర్లు. క్యాన్సర్ కాదు, అంటుకునేది కాదు. కానీ ఆ గడ్డ ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను అదే పనిగా వదులుతుంటే, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రాత్రీపగలు కార్టిసాల్ తయారు చేస్తూనే ఉన్నాయి. బావి మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే, పొలం నిండినా కరెంటు ఉన్నంతసేపు నీళ్లు పోస్తూనే ఉంటుంది చూడండి, అట్లా. కార్టిసాల్ లేకపోతే మనిషి బతకడు, ఎక్కువైతే మాత్రం బీపీ, షుగర్, నిద్ర లేకపోవడం, ఎముకలు బోలు కావడం, తొడల్లో కండ కరిగిపోవడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. పోయిన ఎండాకాలం కోల్డ్ స్టోరేజీ మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఆగి ఆగి ఎక్కింది మీరు చూశారు. కూర్చున్న కుర్చీలోంచి చేతులు ఊతం పెట్టకుండా లేవలేకపోయేవాణ్ని. ఎక్కడ కొంచెం తగిలినా నల్లగా కమిలేది, పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చాయి.

అప్పుడు కొంతమంది ఏమనుకున్నారో నాకు తెలుసు. మొహం ఎర్రగా ఉబ్బి, ఒళ్లు పొట్ట దగ్గరే పెరిగి, కాళ్లు చేతులు సన్నగా ఉంటే మన దగ్గర అందరూ ఒకటే అంటారు, తాగుతున్నడు అని. నేను తాగనని మీకు తెలుసు, అయినా యార్డులో ఆ మాట చాలాసార్లు నా చెవిన పడింది. సరే, అది పోనీయండి. మొదట్లో బీపీకి ఒక డాక్టరు, షుగర్‌కు ఇంకో డాక్టరు ఎవరి గోలీలు వాళ్లు రాశారు, రెండూ ఒక్కదాని నుంచే వస్తున్నాయని చెప్పింది మాత్రం ఎండోక్రైనాలజిస్ట్ మేడమే. ఆమె మొట్టమొదట అడిగింది, "మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో ఏవన్నా పొడులు, ఇంజెక్షన్లు వాడావా?" అని. స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడితే కూడా ఇవే లక్షణాలు వస్తాయట, నిజానికి ఎక్కువమందికి అట్లనే వస్తాయట. నేనేమీ వాడలేదు. అప్పుడు పరీక్షలు మొదలయ్యాయి. ఒకరోజంతా మూత్రం డబ్బాలో పట్టడం, అర్ధరాత్రి ఉమ్మి శాంపిల్ తీయడం, రాత్రి 11 గంటలకు డెక్సామెథాసోన్ గోలీ వేసుకుని పొద్దున 8కి రక్తం ఇవ్వడం. మామూలు మనిషికి ఆ గోలీతో కార్టిసాల్ పడిపోవాలి, నాకు పడలేదు. ఆ మూత్రం డబ్బాను మా ఇంటామె బాత్రూంలో మూలకు పెట్టి, మూత మీద "ముట్టుకోవద్దు" అని పిల్లల కోసం కాగితం అంటించింది. తర్వాత ఎంఆర్ఐలో గడ్డ కనబడింది.

ఆపరేషన్ దసరా తర్వాత హైదరాబాద్‌లో అయింది. తల కోయలేదు, ముక్కులోంచి ఎండోస్కోప్ పెట్టి తీశారు. న్యూరోసర్జన్, ఈఎన్టీ సర్జన్ ఇద్దరూ కలిసి చేశారు. బయట ఒక్క కుట్టు కూడా కనబడదు, అందుకే చూసినవాళ్లకు "ఏం ఆపరేషన్ అయింది నీకు" అనిపిస్తుంది. చేసిన తర్వాత కార్టిసాల్ దాదాపు అడుగంటింది. అది మంచి గుర్తేనని డాక్టర్లు సంతోషపడ్డారు, గడ్డ మొత్తం వచ్చేసిందని అర్థమట. నాకు మాత్రం అసలు కష్టం అక్కడే మొదలైంది. ఇన్నాళ్లూ గడ్డే పని చేస్తుంటే మంచి కణాలు నిద్రపోయాయి, అవి లేచి మళ్లీ సొంతంగా హార్మోన్ తయారు చేసేదాకా నేను హైడ్రోకార్టిసోన్ గోలీల మీదే బతకాలి. దానికి ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. ఎక్కువ కార్టిసాల్‌కు అలవాటుపడ్డ ఒంటికి ఇప్పుడిచ్చే మామూలు మోతాదు చాలదన్నట్టు ఉంటుంది. కీళ్లన్నీ నొప్పులు, ఆకలి ఉండదు, మనసు డల్‌గా ఉంటుంది, మధ్యాహ్నం అయ్యేసరికి కరెంటు తీసేసినట్టు అయిపోతాను. ఇది కూడా లెక్క ప్రకారమే జరుగుతోందని, ఓపిక పట్టాలని చెప్పారు. మాట్లాడకుండా మూలకు కూర్చుంటే మీ మీదో ఇంకెవరి మీదో కోపమనుకోకండి సార్.

ఇక పని సంగతి. డిసెంబర్ నెలంతా పొద్దున పదిన్నర నుంచి రెండింటి దాకా వస్తాను. పొద్దున్నే ఎందుకు రానంటే, అందరికీ తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్ దానంతట అదే పెరుగుతుంది, నాకు గోలీ వేసుకున్నాక గానీ రాదు. లేచిన వెంటనే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 5. పొద్దుటి గోలీ పట్టుకునేదాకా మంచం మీంచి లేవడమే గగనం. జనవరిలో పరీక్షలు మంచిగా ఉంటే సాయంత్రం నాలుగు దాకా ఉంటాను, వారం మధ్యలో బుధవారం ఇంటి దగ్గరే ఉండి ఫోన్లు చూసుకుంటాను. ఫిబ్రవరి నుంచి పూర్తి రోజు చేయాలని నా ఆలోచన. అయితే ఇది రాసిచ్చిన ఒప్పందం లాగా తీసుకోకండి, మధ్యలో జ్వరమో ఇంకోటో వస్తే ఒక మెట్టు వెనక్కి పోవాల్సి రావచ్చు.

యార్డు విషయం వేరే చెప్పాలి, ఎందుకంటే మీకు నా అవసరం పడేది అక్కడే. ముక్కు లోపల ఇంకా పూర్తిగా మానలేదు. గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, వంగి బరువు ఎత్తకూడదు. లోపల పెట్టిన అతుకు కదిలితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతుందట, అంటే మళ్లీ ఆస్పత్రే. మిర్చి యార్డులో తుమ్మకుండా ఎవరుంటారు సార్? తేజ బస్తా ఒక్కటి విప్పితే చాలు, ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న హమాలీలు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. కాబట్టి ఈఎన్టీ డాక్టరు సరే అనేదాకా శాంపిల్ తీయడం, కాయలు విరిచి చూడటం, తేమ పట్టుకుని చూడటం నాతో కాదు. అవి కుమార్ చూసుకుంటాడు, తేజ, వండర్ హాట్ రెండింట్లో వాడికి మంచి పట్టు ఉంది, చపాటా దగ్గర మాత్రం రంగు చూసి మోసపోతాడు, ఫొటోలు పంపమనండి, ఆఫీసు నుంచి చూసి చెప్తాను. దానికి బదులు ఏసీ మిర్చి బాండ్లు, ఈ-నామ్ టెండర్ల లెక్కలు, రైతుల పేమెంట్లు, లారీ బిల్లులు మొత్తం నా మీద వేయండి. డిసెంబర్‌లో కొత్త మిర్చి పెద్దగా రాదు కనుక అడ్జస్ట్ కావచ్చనే అనుకుంటున్నా. అసలు టెన్షన్ జనవరి చివర్లోనే, కొత్త పంట దిగే టైం, పైగా మేడారం జాతర. ఆ రోజుల్లో ములుగు వైపు రైతుల దగ్గరకు నన్ను పంపొద్దు. ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కుపోయి గోలీ టైం తప్పితే, లేదా వాంతులు పట్టుకుంటే, ఆస్పత్రికి చేరడం కష్టం.

కూర్చునే చోటు కింద కాంటా రూంలో ఇస్తే బాగుంటుంది. మెట్లు ఎక్కగలను, కానీ రోజుకు నాలుగైదు సార్లంటే తొడలు సహకరించవు. ఎముకల స్కానింగ్‌లో కూడా బలహీనంగా ఉన్నట్టు వచ్చింది, కాబట్టి బస్తా కాదు కదా, వాటర్ క్యాన్ కూడా ఎత్తను. బైకు ఇంకొన్నాళ్లు వద్దన్నారు, మా బావమరిది దింపుతాడు.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. నాకు జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా ఒంటికి ఎక్కువ కార్టిసాల్ కావాలి, నా ఒళ్లు అది తయారు చేయదు. జ్వరమైతే గోలీ డబుల్ వేసుకుంటాను. వాంతులై గోలీ కడుపులో నిలవకపోతే, కళ్లు తిరిగి, చెమటలు పట్టి, మాట తడబడితే అది గ్యాస్ ట్రబుల్ కాదు, సోడా తాగించి పడుకోబెట్టొద్దు. నా టేబుల్ సొరుగులో ఒక చిన్న ఎర్ర డబ్బా పెడతాను, అందులో హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, సిరంజి, ఎలా కలపాలో తెలుగులో రాసిన కాగితం ఉంటాయి. తొడ కండలో ఇవ్వాలి. ఇవ్వడం రాకపోతే పక్కనున్న మెడికల్ షాపు అబ్బాయికి వచ్చు, అడిగాను, ఒప్పుకున్నాడు. ఒకవైపు అది చేస్తూనే 108కి ఫోన్ చేయాలి, వాళ్లకు నా పర్సులో ఉన్న కార్డు చూపిస్తే చాలు. ఇట్లా ఎప్పుడూ కాకపోవచ్చు, కానీ మీకూ కుమార్‌కూ తెలిసి ఉండాలి. మిగతావాళ్లకు "ముక్కు ఆపరేషన్" అని చెప్తే సరిపోతుంది.

ఇంకో చిన్న మాట. మన అకౌంట్స్ పెద్దాయన చూడటానికి వచ్చినప్పుడు స్టెరాయిడ్లు మంచివి కావు, ఆపేసి ఏదో కషాయం తాగమన్నాడు. ప్రేమతోనే చెప్పాడు. కానీ ఈ గోలీ నాకు అలవాటు కాదు, నా ఒళ్లు తయారు చేయలేనిది బయట నుంచి ఇస్తున్నారంతే, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు వస్తుంది. తగ్గించేది డాక్టరే, పొద్దున గోలీ వేసుకోకముందు రక్తం తీసి కార్టిసాల్ చూసి తగ్గిస్తారు. దానికోసం నెలకోసారి హైదరాబాద్ పోవాలి, ఆ రోజు సెలవు ముందే చెప్తాను. గడ్డ మళ్లీ వచ్చే అవకాశం కొంత ఉంటుందన్నారు, అందుకే చెకప్‌లు తర్వాత కూడా ఆగవు.

జీతం గురించి మీరు అడగకముందే చెప్తున్నా. చేసిన గంటలకే లెక్క కట్టండి, నాకు అభ్యంతరం లేదు. పీఎఫ్, గ్రూప్ ఇన్సూరెన్స్ మాత్రం ఆగకుండా చూడండి, ఎంఆర్ఐలు, రక్తపరీక్షలు ఇంకా చాలా ఉన్నాయి. డిశ్చార్జ్ సమ్మరీ, ఫిట్‌నెస్ లెటర్, బిల్లులు కుమార్‌తో పంపిస్తున్నాను. ఫిట్‌నెస్ లెటర్‌లో "తేలికపాటి పని" అని ఉంది, హెడ్డాఫీసు వాళ్లు దాని మీద ఏమైనా అడిగితే ఈ ఉత్తరం కూడా చూపించండి.

గురువారం లోపు ఒక మెసేజ్ పెట్టండి సార్, కాంటా రూంలో టేబుల్ సంగతి తేలితే సోమవారం పదిన్నరకు నేరుగా అక్కడికే వస్తాను.

మీ
సంపత్