సెలవులు, ఫీజు నోటీసు గురించి శ్రావణి క్లాస్ టీచర్ గారికి

కోరుట్ల,
6 అక్టోబర్ 2025, సోమవారం

6వ తరగతి, బి సెక్షన్ క్లాస్ టీచర్ మేడమ్ గారికి,

నమస్కారం మేడమ్. నేను శ్రావణి వాళ్ల అమ్మను, లక్ష్మిని. శనివారం పాప బడికి ఎందుకు రాలేదో, ఫీజు లెక్కలో తేడా ఎందుకు వచ్చిందో మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో చెబుదామనుకున్నాను గానీ, మీరు క్లాసులో ఉంటారు, నేనేమో బీడీలు చేసుకుంటూ సగం సగం మాట్లాడతాను. రాస్తే ఒక్కటి కూడా మరిచిపోకుండా ఉంటుంది.

దసరా సెలవుల ముందు, సెప్టెంబర్ 18న, పాప డైరీలో ఇంగ్లీషు నోటీసు అంటించి పంపారు. నేను ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను గానీ అర్థం తెలియదు. అందుకే ఆ రాత్రి నోటీసుకు ఫోన్‌తో ఫోటో తీసి, తెలుగులోకి మార్చుకుని చదివాను. బల్బు వెనక ఉండి నా చెయ్యి నీడ కాగితం మీద పడింది. డైరీ మధ్యలో మడత ఉంది. కింద తేదీల మీద బడి గుండ్రటి ముద్ర, ఊదా రంగుది, పడి ఉంది. నాలుగు సార్లు తీశాను. నాలుగోది బాగానే వచ్చిందనుకున్నాను.

ముందు సెలవుల సంగతి. సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 వరకు సెలవులని అర్థమైంది. దాని పక్కన బ్రాకెట్లో ఉన్న ముక్కను ఫోన్ "రెండు రోజులు కలుపుకొని" అని చూపించింది. 3వ తేదీ తర్వాత ఇంకో రెండు రోజులు కలుపుకోమన్నారని నేను అనుకున్నాను. అంటే 4, 5. ఐదో తేదీ ఎట్లాగూ ఆదివారం, కాబట్టి బడి సోమవారం అనే లెక్కకు వచ్చాను. సద్దుల బతుకమ్మకు మా అమ్మగారింటికి పోయి, దసరా అయ్యాక శుక్రవారం సాయంత్రమే తిరిగి వచ్చేశాం. సెలవులు పొడిగించుకోవాలని మేము ఊళ్లో ఉండిపోలేదు మేడమ్. శనివారం శ్రావణి ఇంట్లోనే ఉంది, నా పక్కన కూర్చుని తునికాకు కట్టలు విప్పి ఇస్తూ ఉంది.

ఆ పొద్దున చేసిన బీడీలు అప్పజెప్పడానికి గంప పట్టుకుని కార్ఖానాకు పోతుంటే, మన బడి పిల్లలు యూనిఫారం వేసుకుని బస్సు ఎక్కుతూ కనిపించారు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇంటికి వెనక్కి పోయి పాపను తయారు చేద్దామంటే అప్పటికే బస్సు కదిలింది. కార్ఖానాలో సేటు లెక్క చూసేసరికి పదకొండు దాటింది. అందుకని ఆ రోజు గైర్హాజరు పాప తప్పు కాదు, నాది. ఆ రోజు సైన్సులో చిన్న పరీక్ష పెట్టారని తోటి పిల్లలు చెప్పారట. వీలైతే శ్రావణికి ఇంకోసారి రాసే అవకాశం ఇవ్వండి. చదివే ఉంది.

ఆదివారం మా పక్కింటి అమ్మాయి, డిగ్రీ చదువుతుంది, హాస్టల్ నుంచి వచ్చింది. ఆమెకు డైరీ చూపించాను. "అది రెండు రోజులు కలపడం కాదు అక్కా, 21వ తేదీ, 3వ తేదీ ఆ రెండూ కూడా సెలవుల్లోనే ఉన్నాయని" అని చెప్పింది. అంతే సంగతి.

ఇప్పుడు ఫీజు విషయం. నాకు ఎక్కువ బాధ దీనితోనే.

నోటీసు కింద చిన్న పట్టిక ఉంది. మొదటి గడి మీద టర్మ్ అని ఉంటే ఫోన్ "పదం" అంది. చివరి గడి మీద ఫైన్ అని ఉంటే "బాగుంది" అంది. దాని కింద 20 అని ఉంది. ఆలస్యానికి రోజుకు 20 రూపాయల జరిమానా అని నాకెట్లా తెలుస్తుంది మేడమ్? పాపకు ఏదో పరీక్షలో 20 మార్కులు వచ్చాయని, బాగుందని రాశారేమో అనుకున్నాను. ఆ కింద మీరో, ఆఫీసు వాళ్లో పెన్నుతో శ్రావణి పేరు రాసి, పక్కన ఒక ఇంగ్లీషు మాట, దాని పక్కన 3,500 అని రాశారు. ఆ మాటను ఫోన్ "అత్యుత్తమం" అని చూపించింది.

నమ్మకం కలగక శ్రావణిని పిలిచి చదవమన్నాను. "ఔట్‌స్టాండింగ్" అని చదివింది. దాని అర్థం ఏందిరా అంటే, డ్రాయింగ్ పుస్తకం తెచ్చి చూపించింది. నెమలి బొమ్మ కింద మీరే ఎర్ర సిరాతో అదే మాట రాసి, పక్కన నక్షత్రం వేశారు. "చాలా బాగా చేస్తే మేడమ్ ఇట్ల రాస్తరు అమ్మా" అంది. ఇంకేముంది, ఫోన్ చెప్పిందీ పాప చెప్పిందీ ఒకటే అయింది. పాప బాగా చదువుతున్నందుకు బడి వాళ్లు 3,500 తగ్గించారని ఇద్దరమూ నమ్మాం.

ఆ రాత్రే దుబాయిలో ఉన్న మా ఆయనకు వీడియో కాల్ చేశాం. ఆయన క్యాంపులో ఉన్నారు, పక్కన మరో నలుగురు ఉన్నారు. శ్రావణి డైరీని కెమెరా ముందు పెట్టి చూపించింది. ఆయన వాళ్లందరికీ చూపించి "నా బిడ్డకు ఫీజు తగ్గించిన్రు" అని చెప్పుకున్నారు. అందుకే రెండో టర్మ్ ఫీజు 8,500లో 3,500 తీసేసి, 19వ తేదీన ఫోన్‌లో 5,000 కట్టాను. అది మొండితనం కాదు, ఎగ్గొట్టడం అంతకన్నా కాదు.

ఆ మాటకు బాకీ అనే అర్థం కూడా ఉందని పక్కింటి అమ్మాయి చెప్పినప్పుడు, శ్రావణి అక్కడే ఉంది. ఏమీ అనలేదు. డ్రాయింగ్ పుస్తకం తీసుకుపోయి లోపల పెట్టేసింది. రాత్రి పడుకునేటప్పుడు "మరి నా నెమలి కింద రాసింది కూడా బాకీనేనా అమ్మా?" అని అడిగింది. కాదు బిడ్డా అని చెప్పాను. కానీ నేను చెబితే సరిపోదు, నాకు ఇంగ్లీషు రాదని దానికి తెలుసు. మీరు ఒక్కసారి దాన్ని దగ్గరకు పిలిచి చెప్పండి. మీరు చెబితే నమ్ముతుంది.

ఇక లెక్క. మొదటి టర్మ్ బాకీ 3,500 అని రాశారు. అందులో 2,000 నేను ఆగస్టు 12న ఆఫీసులో నగదు కట్టాను. రసీదు నా దగ్గర ఉంది, దాని జిరాక్స్ ఈ ఉత్తరానికి పిన్ను చేశాను. అది ఆఫీసు పుస్తకంలో ఎక్కినట్టు లేదు. కాబట్టి మొదటి టర్మ్‌లో నిజంగా ఉన్న బాకీ 1,500. రెండో టర్మ్ 8,500. రెండూ కలిపి 10,000. సెప్టెంబర్‌లో కట్టిన 5,000 పోతే ఇంకా 5,000 ఇవ్వాలి. నా లెక్క ఇది. ఆఫీసు వాళ్లు ఈ రోజు పాపతో పంపిన చీటీలో 7,000 అని ఉంది. ఆ 2,000 తేడా రసీదు చూస్తే తేలిపోతుంది. మీరు దయచేసి ఒకసారి వాళ్లతో మాట్లాడండి.

గడువు తేదీ దగ్గర కూడా పొరపాటు జరిగింది. ముద్ర ఆ అంకె మీద పడడంతో ఫోన్ దాన్ని 16 అక్టోబర్ అని చదివింది. నాకూ అట్లాగే కనిపించింది. పక్కింటి అమ్మాయి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి 10 అంటోంది. మా ఆయన జీతం ప్రతి నెల 12, 13 తేదీల్లో గానీ పడదు. 16 అనుకునే నేను నిమ్మళంగా ఉన్నాను. ఇప్పుడు 10 అంటే టెన్షన్‌గా ఉంది. బుధవారం బీడీల బట్వాడా ఉంది, అందులోంచి గురువారం 2,000 కడతాను. మిగతా 3,000 నాకు 16 దాకా గడువు ఇప్పించండి. ఆ ఆరు రోజులకు జరిమానా 120 అవుతుంది. మాఫీ చేస్తే సంతోషం. రూల్ అంటే ఆ 120 కూడా కడతాను, ముందుగా ఒక మాట చెప్పండి చాలు.

11వ తేదీ రెండో శనివారం బడి ఉందని నోటీసులో ఉన్నట్టు ఇప్పుడు తెలిసింది. పాపను తప్పకుండా పంపుతాను. ఆ రోజు బస్సు వస్తుందో రాదో డైరీలో రాయండి, రాకపోతే నేనే ఆటోలో దింపుతాను. దీపావళి సెలవు 20వ తేదీ సోమవారం ఒక్కరోజేనని అనుకుంటున్నాను, తప్పయితే అది కూడా చెప్పండి.

ఇంకో మాట. ఈ రోజు ఆఫీసు చీటీ పాప చేతికి క్లాసులో అందరి ముందు ఇచ్చారట. వెనక బెంచీ పిల్లలు ఎంత అని అడిగారట. ఫీజు సంగతి ఏదున్నా నాకు ఫోన్ చేయండి మేడమ్, ఏ పూటైనా ఎత్తుతాను. పిల్ల ముందు వద్దు. అది బడికి రావడానికి ఎప్పుడూ మారాం చేయలేదు. ఈ సాయంత్రం మాత్రం రేపు తలనొప్పి వస్తుందేమో అని ఇప్పటి నుంచే అంటోంది.

మా వాడలో నాలాంటి తల్లులు చాలామంది ఉన్నారు. మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు, నోటీసు చదవాల్సింది మేమే. కార్ఖానాలో అడిగితే ఇంకో ఇద్దరు కూడా శనివారం పిల్లల్ని పంపలేదని తెలిసింది. మీరు ప్రతి నోటీసూ తెలుగులో అచ్చు వేయాలని అడగడం లేదు. తేదీ, పైసలు, సెలవు, ఈ మూడూ తెలుగులో కింద నాలుగు లైన్లు చేత్తో రాసినా మాకు చాలు. అదీ కుదరకపోతే క్లాస్ గ్రూపులో మీ గొంతుతో అర నిమిషం చెప్పి పంపండి. బీడీలు చుడుతూనే వింటాం, అర్థం కాకపోతే మళ్లీ వింటాం. ముద్ర కూడా అంకెల మీద కాకుండా పక్కన వేయమని ఆఫీసు వాళ్లకు చెప్పండి.

నేను రాసిన లెక్కా తేదీలూ సరిగ్గా ఉంటే ఈ కాగితం మీదే సంతకం పెట్టి పాపతో పంపండి. ఎక్కడైనా తప్పుంటే అక్కడే గీత గీసి, పక్కన తెలుగులో రాయండి. రసీదు అసలు కాపీ కావాలంటే గురువారం డబ్బులు కట్టడానికి వచ్చినప్పుడు తెస్తాను.

ఇట్లు,
లక్ష్మి
(శ్రావణి తల్లి, 6వ తరగతి, బి సెక్షన్)

జతపరిచినవి: ఆగస్టు 12 నాటి 2,000 రూపాయల రసీదు జిరాక్స్, సెప్టెంబర్ 19న ఫోన్‌లో కట్టిన 5,000 రూపాయల ప్రింటు.