2025 జులై వర్షాకాలపు మొక్కల ప్రచార సందేశాలపై నివేదిక

కడియపులంక నర్సరీ భాగస్వాములకు,

జులై 9న మన ఖాతాదారులకు పంపిన ఎస్ఎంఎస్‌లు, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్, జులై 16న వాట్సాప్‌లో మాత్రమే పంపిన గుర్తుచేత సందేశం, వీటివల్ల జులై 31 వరకు వచ్చిన ఆర్డర్ల లెక్కలను సమర్పిస్తున్నాను. ఈ ప్రచారం వల్ల అమ్మకం పెరిగినమాట నిజమేగాని, మొత్తం ఆర్డర్లను సందేశాల ఖాతాలో వేయడం సరికాదు. వచ్చిన ఆర్డర్లలో కొన్నిటిని మన చేతులారా పోగొట్టుకున్నాం కూడా. వాటి వివరాలు తగినచోట రాశాను.

మన రిజిస్టరులోని 4,312 నంబర్లలో రెండుసార్లు రాసినవి, తప్పుగా ఉన్నవి కలిపి 252 తీసివేయగా 4,060 మిగిలాయి. సందేశం అందకపోయినా ఎంతమంది వస్తారో తెలుసుకోవడానికి వాటిలో 200 మందిని లాటరీ పద్ధతిన పక్కన ఉంచి, మిగిలిన 3,860 మందిలో వాట్సాప్‌కు సమ్మతి ఇచ్చిన 2,400 మందికి వాట్సాప్‌లోనూ, తక్కిన 1,460 మందికి ఎస్ఎంఎస్ ద్వారానూ సందేశం పంపాం.

ఎస్ఎంఎస్‌లలో 1,182 చేరాయి, అంటే 81 శాతం. చేరని 278లో ప్రచార సందేశాలు వద్దని తమ టెలికాం సంస్థ వద్ద ముందే నమోదు చేసుకున్నవారివి 141 ఉన్నాయి. ఫోన్ చాలాసేపు అందుబాటులో లేక గడువు తీరినవి, అంటే తెరపై `EXPIRED` అని వచ్చినవి, 83. మిగిలిన 54 నంబర్లు వాడుకలో లేనివి, వీటిని రిజిస్టరులోంచి కొట్టివేశాను. `DELIVRD` అన్న మాటకు ఫోన్‌కు చేరిందన్నదే అర్థం, చదివారని కాదు. ఎస్ఎంఎస్‌లో చదివినట్టు తెలిపే గుర్తు ఏదీ లేనందున చదివినవారి లెక్క ఇవ్వలేదు. సందేశంలోని లింకును 96 మంది తెరిచారు, 41 మంది ఫోన్ చేశారు.

ఎస్ఎంఎస్ ఖర్చు గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు సందేశం 70 అక్షరాలు దాటితే 67 చొప్పున భాగాలుగా లెక్కకడతారు. గుణింతపు గుర్తులు, వత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కనుక చూపుకు పొట్టిగా కనిపించిన మన సందేశం 168 అక్షరాలై మూడు భాగాలైంది. 4,380 భాగాలకు 22 పైసల చొప్పున 963 రూపాయల 60 పైసలు అయ్యాయి. నర్సరీ చిరునామా అందరికీ తెలిసినదే. దాన్ని తీసివేసి 134 అక్షరాలలోపు రాసి ఉంటే ఆ ఖర్చులో మూడోవంతు మిగిలేది. కొత్త వాక్యాన్ని టెంప్లేట్‌గా మళ్లీ నమోదు చేయించాలి కాబట్టి ఆ పనిని ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

వాట్సాప్‌లో 2,400కు 2,136 చేరాయి, అంటే 89 శాతం. ఆగిపోయిన వాటిలో 158కి `131049` కోడ్ వచ్చింది. ఒక్కొక్కరికి అందే ప్రచార సందేశాలు మితిమీరకుండా వాట్సాపే ఆపినప్పుడు ఈ కోడ్ వస్తుంది. ఇది నంబరు లోపం కాదు కనుక ఆ పేర్లు తీసేయకూడదు, వెంటవెంటనే మళ్లీ పంపకూడదు. సందేశం చేరవేయలేకపోయామని తెలిపే `131026` వచ్చిన 83 నంబర్లను విడిగా సరిచూడాలి. `131050` వచ్చిన 23 మంది మన ప్రచార సందేశాలను వాట్సాప్‌లోనే ఆపుకున్నవారు.

చేరినవారిలో 1,281 మంది చదివినట్టు నీలిరంగు టిక్కులు చూపుతున్నాయి, అంటే 60 శాతం. చదివిన గుర్తు కనపడకుండా పెట్టుకున్నవారు ఇందులోకి రారు కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే తక్కువ ఉండదని మాత్రం చెప్పగలను.

జవాబిచ్చినవారు 214 మంది. వారిలో 97 మంది ధర అడిగారు, 58 మంది ఎన్ని మొక్కలు కావాలో సంఖ్యతో సహా రాశారు, 27 మంది రవాణా గురించి అడిగారు, 19 మంది సందేశాలు వద్దన్నారు, 13 ఇతర విషయాలు. సంఖ్య రాసిన ఆ 58 మంది విషయాన్ని భాగస్వాములు ప్రత్యేకంగా గమనించాలి. గంటలోపు మన జవాబు అందిన 34 మందిలో 25 మంది అడ్వాన్సు పంపారు. మరునాడు ఉదయం జవాబు అందిన 24 మందిలో 6గురే పంపారు. బ్రాడ్‌కాస్ట్‌ను సాయంత్రం 6.30కి పంపి, 7 గంటలకు ఆఫీసు మూసివేయడమే దీనికి కారణం. "బంగినపల్లి అంట్లు నలభై కావాలండీ, లారీ కిరాయి ఎవరిదండీ?" అని రాత్రి 8 గంటలకు అడిగిన రైతు, మనం ఉదయం 9కి జవాబిచ్చేసరికి వేమగిరి దగ్గర వేరే నర్సరీలో బేరం కుదుర్చుకున్నానని రాశారు. మొక్కలు మన మళ్లలో సిద్ధంగా ఉండి కూడా ఇలా జరగడం నాకు చాలా బాధ కలిగించింది.

చదివి జవాబివ్వని 1,067 మందికి 16న గుర్తుచేత సందేశం పంపగా 1,010 మందికి చేరింది, 61 మంది జవాబిచ్చారు. చేరిన సందేశానికి 95 పైసల చొప్పున వాట్సాప్ ఖర్చు మొదటిసారి 2,029 రూపాయల 20 పైసలు, రెండోసారి 959 రూపాయల 50 పైసలు. ఎస్ఎంఎస్‌తో కలిపి మొత్తం ఖర్చు 3,952 రూపాయల 30 పైసలు.

సందేశాలు వద్దన్నవారు మొత్తం 26 మంది. వాట్సాప్‌లో వద్దన్న 19 మందిలో `STOP` అని రాసిన 11 మందిని వ్యవస్థ తానే తొలగించింది. "వద్దండీ", "మెసేజీలు ఆపండి" అని తెలుగులో రాసిన 8 మందిని అది గుర్తించలేదు, వారి పేర్లు నేను చదివి తీశాను. ఫోన్ చేసి చెప్పిన 7గురి నంబర్లు కౌంటరు నోటుపుస్తకంలోనే ఉండిపోయాయి. వారిలో నలుగురు వాట్సాప్ జాబితాలో ఉన్నందున వారికి 16న మళ్లీ సందేశం వెళ్లింది. ఇది పూర్తిగా మన తప్పు. నలుగురికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఇకపై నోటుపుస్తకం, ఎస్ఎంఎస్, వాట్సాప్ మూడింటికీ ఒకే తొలగింపు జాబితా ఉంటుంది. మనల్ని బ్లాక్ చేసినవారి సంఖ్య మనకు కనపడదు కనుక ఈ 26 కంటే అసంతృప్తి ఎక్కువగానే ఉండవచ్చు.

సందేశం అందిన నంబరు నుంచే, అందిన తరువాతే అడిగి, అడ్వాన్సు చెల్లించినదాన్నే ఆర్డరుగా లెక్కించాను. ఆ లెక్కన మొత్తం ఆర్డర్లు 71, విలువ 4,63,000 రూపాయలు. ఎస్ఎంఎస్ ద్వారా 14 ఆర్డర్లకు 61,400, మొదటి వాట్సాప్ సందేశం ద్వారా 43 ఆర్డర్లకు 3,27,500, గుర్తుచేత ద్వారా 14 ఆర్డర్లకు 74,100. గోతులు సిద్ధం కాలేదని 5గురు రద్దు చేసుకోగా 66 ఆర్డర్లు, 4,32,000 రూపాయలు నిలిచాయి. ఇందులో అంబాజీపేట వైపు రైతు తీసుకున్న 400 కొబ్బరి మొక్కలు 60,000, విశాఖపట్నం తోటల కాంట్రాక్టరు ఆర్డరు 1,10,000. ఈ రెండూ మినహాయిస్తే ఒక్కో ఆర్డరు సగటున 4,100 రూపాయల దగ్గర ఉంది.

పక్కన ఉంచిన 200 మందిలో ఏ సందేశమూ లేకుండానే ఇద్దరు వచ్చి కొన్నారు, అంటే నూటికి ఒకరు. అదే లెక్కన సందేశం అందిన 3,318 మందిలో 33 మంది ఎలాగూ వచ్చేవారే, కాబట్టి 71 ఆర్డర్లలో సందేశాలు తెచ్చినవి 38 దాకా ఉంటాయి. ఇద్దరిని బట్టి వేసిన అంచనా గట్టిది కాదు. అందుకే వచ్చేసారి 500 మందిని పక్కన ఉంచడానికి అనుమతి కోరుతున్నాను. ఉదయం 10.30కే బ్రాడ్‌కాస్ట్ పంపి, ఆ రోజూ మరునాడూ రాత్రి 9 వరకు ధరల పట్టికతో ఇద్దరిని ఫోన్ దగ్గర ఉంచడానికి కూడా భాగస్వాముల నిర్ణయం కావాలి.

ప్రచార లెక్కల బాధ్యుడు
2025 ఆగస్టు 4