నా పాన్, కేసు ఫైలు హైదరాబాద్ నుంచి నెల్లూరుకు బదిలీ చేయమని కోరుతూ

నెల్లూరు,
17 నవంబరు 2025.

ఆదాయపు పన్ను అధికారి గారికి, హైదరాబాద్.
నకలు: ఆదాయపు పన్ను అధికారి గారికి, నెల్లూరు.

నమస్కారం సార్,

నా పేరు పి. రమణయ్య. పాన్ నంబరు మెయిల్ సబ్జెక్టులో రాశాను, కార్డు నకలు జత చేశాను. నా పాన్ మీ వార్డులో ఉంది, నేను మాత్రం పదిహేడు నెలలుగా నెల్లూరులో ఉంటున్నాను. నా కేసును ఆదాయపు పన్ను చట్టం 1961 సెక్షన్ 127 కింద నెల్లూరుకు బదిలీ చేయించమని అడగడానికి ఈ ఉత్తరం. ఇలాంటివి ఇంగ్లీషులో రాయాలని తెలుసు, మా అమ్మాయి చేత అలా కూడా రాయించి దీని వెనకే పెట్టాను, కానీ అందులో నా గోడు సగమే వచ్చిందనిపించి ఇది నా మాటల్లో రాస్తున్నాను.

హైదరాబాద్‌లో కుషాయిగూడలో పద్నాలుగేళ్లు ఉన్నాను. అపార్ట్‌మెంట్లకు నీళ్ల మోటార్లు, జనరేటర్లు చూసే కాంట్రాక్టు పని. 2024 ఏప్రిల్‌లో మా నాన్నకు పక్షవాతం వచ్చింది, ఎడమ వైపు పడిపోయింది. ఆయనకు 78 ఏళ్లు, అమ్మ ఒక్కతే లేపి కూర్చోబెట్టలేదు. రెండు నెలలు రాత్రి రైళ్లలో అటూ ఇటూ తిరిగి, ఇది అయ్యే పని కాదని జూన్ 9న సామాను లారీకెత్తి వచ్చేశాం. ఇప్పుడు వేదాయపాళెంలో చిన్న వైండింగ్ షాపు పెట్టుకున్నాను, ఇల్లు కూడా ఆ వెనక వీధిలోనే. హైదరాబాద్‌లో నాకు ఇప్పుడు షాపు లేదు, ఇల్లు లేదు, కాంట్రాక్టు ఒక్కటి కూడా లేదు. తిరిగి వెళ్లే ఆలోచన కూడా లేదు.

నేను చేసిన తప్పు ఒకటుంది, ముందే చెప్పేస్తాను. ఊరు మారగానే ఆధార్‌లో అడ్రస్ మార్చుకున్నాను, తర్వాత పాన్‌లో కూడా మార్పించాను, దాంతో ఫైలు కూడా దానంతటదే నెల్లూరు వచ్చేస్తుందనుకున్నాను. బ్యాంకు ఖాతా బ్రాంచి మార్చినట్టే ఇదీ అనుకున్నాను. రాలేదని నాకు తెలిసింది మొన్న సెప్టెంబరులో. పాత ఇంటి ఓనరు ఒక కవరు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి, "రమణయ్యా, నీకు ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి ఏదో వచ్చింది, పోస్టుమ్యాన్‌కి తిరిగి ఇచ్చేశాను" అన్నారు. కవరు బయటి వైపు మాత్రమే ఫోటో తీశారు, లోపల ఏముందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే పోర్టల్‌లో "Know Your AO" నొక్కి చూస్తే, కొత్త అడ్రస్ ఎక్కి ఏడాది దాటినా, ఇప్పటికీ మీ వార్డే చూపిస్తోంది. అడ్రస్ వేరు, అధికార పరిధి వేరు అని అప్పుడు తెలిసింది.

ఆ కవరులో ఏముందో దయచేసి నా మెయిల్‌కు పంపండి. జవాబు ఇవ్వవలసినది ఏదైనా ఉంటే ఇచ్చేస్తాను, తప్పించుకునే ఉద్దేశం లేదు.

నెల్లూరు ఆఫీసుకు కూడా వెళ్లి అడిగాను. పాన్ మీ దగ్గర ఉన్నంత కాలం కదలిక మీ దగ్గర నుంచే మొదలవ్వాలి, ముందు అక్కడికే రాసి నకలు మాకివ్వు అన్నారు. అందుకే ఇద్దరికీ పంపుతున్నాను.

ఇక అసలు విషయం. మీ దగ్గర నా ఫైలులో నడుస్తున్నది ఒక్కటే, 2022-23 అసెస్‌మెంట్ సంవత్సరానిది. ఆ ఏడు ఒక మెయింటెనెన్స్ కంపెనీకి చేసిన పనికి బిల్లులు ₹18,60,000 అయ్యాయి, వాళ్లు నూటికి ఒక రూపాయి చొప్పున ₹18,600 టీడీఎస్ పట్టుకుని మిగతాది ఇచ్చారు. కానీ స్టేట్‌మెంట్ దాఖలు చేసేటప్పుడు నా పాన్‌లో ఒక అంకె తప్పు కొట్టారు. నేనేమో రిటర్న్‌లో ఆ సొమ్ము నాదేనని చూపించాను, నా 26ఏఎస్‌లో అది లేదు, దాంతో 2023 ఫిబ్రవరిలో 143(1) కింద వచ్చిన ఇంటిమేషన్‌లో ఆ ₹18,600 తీసేసి వడ్డీతో కలిపి ₹21,590 కట్టమన్నారు. ఆ కంపెనీ వాళ్ల చుట్టూ ఏడాది తిరిగితే 2024 మేలో సరిచేసి మళ్లీ దాఖలు చేశారు. ఇప్పుడు 26ఏఎస్‌లో ఆ మొత్తం పైసాతో సహా కనిపిస్తోంది, నకలు జత చేశాను. 2024 జూన్ 22న సెక్షన్ 154 కింద సవరణకు పెట్టాను, నెల్లూరు వచ్చిన రెండో వారం అది. సెప్టెంబరులో బెంగళూరు సీపీసీ వాళ్లు, ఇక దీన్ని మీ అధికారే చూస్తారు అని హక్కులు మీకు బదిలీ చేసినట్టు పోర్టల్‌లో చూపించారు. అక్కడి నుంచి కదలలేదు.

నా జేబులో నుంచి పట్టుకున్న పన్నును మళ్లీ నన్ను కట్టమనడం కుదరదని సెక్షన్ 205 చెబుతోంది కదా సార్. అయినా ఆ వాదన ఇక్కడ పెట్టడం నా ఉద్దేశం కాదు, సవరణ ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్లు చూస్తారు. ఇప్పుడు నొప్పి ఏమిటంటే, 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి నాకు ₹14,200 రిఫండ్ రావాలి, దాన్ని ఆ పాత బాకీకి జమ చేసుకుంటామని సెక్షన్ 245 కింద మెసేజ్ వచ్చింది. పోర్టల్‌లో ఒప్పుకోనని పెట్టి కారణం కూడా రాశాను.

స్క్రూటినీలన్నీ ఇప్పుడు ఫేస్‌లెస్ కదా, నువ్వు ఏ ఊళ్లో ఉంటే ఏంటి అని ఒకరిద్దరు అన్నారు. నిజమే, అసెస్‌మెంట్ అయితే ఎక్కడి నుంచైనా ఆన్‌లైన్‌లో జవాబు ఇచ్చుకోవచ్చు. కానీ నాది సవరణ, బాకీ, రిఫండ్, ఈ మూడూ పరిధి అధికారి చేతిలోనే ఉంటాయి. అందుకే ఈ పాట్లు.

మీ దగ్గరికి స్వయంగా వచ్చి కలవొచ్చు కదా అంటారేమో, నా పని ఎలాంటిదో ఒక్క ముక్క చెబుతాను. ఇక్కడ నాకు తిండి పెట్టేది రొయ్యల గుంటలే. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు గుంటల్లో ఏరేటర్ల మోటార్లు కాలిపోతే బాగుచేయడం. రొయ్యకు గాలి అందని సమయం తెల్లవారుజామే, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది అప్పుడే. మూడింటికి మోటారు ఆగితే ఐదున్నరకు రొయ్యలు గట్టు అంచున తేలతాయి, రైతు చేసిన అప్పంతా ఆ నీళ్ల మీదే కనిపిస్తుంది. అందుకని రాత్రి పన్నెండుకు ఫోన్ వచ్చినా టూల్స్ సంచి వేసుకుని బండి తీయాల్సిందే. హైదరాబాద్ రావాలంటే ఒక రాత్రి రైలు, ఒక పగలు ఆఫీసు, మళ్లీ ఒక రాత్రి రైలు. ఆ రెండు రాత్రులు ఇక్కడ మోటార్లు చూసేవాడు లేడు, ఇంట్లో నాన్నను పక్క మార్చేవాడూ లేడు.

చట్టం ప్రకారం కూడా నేను అడిగేది కొత్తేమీ కాదు. వ్యాపారం చేసేవాడి కేసు ఆ వ్యాపారం నడిచే చోటి అధికారిది అని సెక్షన్ 124 అంటుంది. నా వ్యాపారం నెల్లూరులోనే ఉందనడానికి జీఎస్టీ ఒక్కటే చాలు: 36తో మొదలయ్యే తెలంగాణ నంబరు రద్దయినట్టు ఆర్డరు, 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరు సర్టిఫికెట్ రెండూ పెట్టాను. వాటితో పాటు షాపు అద్దె ఒప్పందం, ఇంటి కరెంటు బిల్లు, కొత్త అడ్రస్ ఉన్న ఆధార్, నెల్లూరు బ్రాంచికి మార్చిన ఖాతా పాసుపుస్తకం మొదటి పేజీ కూడా. 2025-26 రిటర్న్‌ను ఈ అడ్రస్‌తోనే వేశాను, దాని రసీదు చివర్లో ఉంది.

ఒకటి స్పష్టంగా రాస్తున్నాను, తర్వాత అపార్థం రాకూడదని. మీకు ఇప్పటిదాకా నా మీద అధికారం లేదని నేను అనడం లేదు. మీరు ఇచ్చిన ఏ నోటీసునూ పరిధి పేరు చెప్పి కాదనను. సెక్షన్ 127(4) ప్రకారం కేసు ఏ దశలో ఉన్నా బదిలీ చేయొచ్చు, ముందే ఇచ్చిన నోటీసులు మళ్లీ ఇవ్వనక్కర్లేదు, దానికి నాకు పూర్తి సమ్మతమే.

మీ పైన, నెల్లూరు అధికారి పైన ఉన్న ప్రిన్సిపల్ కమిషనర్లు వేర్వేరు కాబట్టి 127(2) కింద ఇద్దరూ ఒప్పుకోవాలి. అందుకని మీరు చేయవలసిందల్లా నా అర్జీని మీ సిఫారసుతో మీ కమిషనర్ గారికి పంపడం. బదిలీకి ముందు నా మాట వినాలని చట్టంలో ఉంది, కానీ అడుగుతున్నది నేనే కాబట్టి ఈ ఉత్తరాన్నే నా సమ్మతిగా తీసుకోండి. అయినా వినాలనుకుంటే వీడియో కాల్ పెట్టండి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా షాపులోనే ఉంటాను.

బదిలీ అంటే 2022-23 ఒక్కటే కాదు, అన్ని సంవత్సరాలదీ. "కేసు" అంటే ముగిసినవీ, నడుస్తున్నవీ, రాబోయేవీ అన్నీ అని ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది. సవరణ అర్జీ, దాంతో పాటు నేను పెట్టిన కాగితాలు నెల్లూరుకు తప్పకుండా చేరేలా చూడండి, ఫైలు వచ్చి అర్జీ మాత్రం మీ దగ్గరే మిగిలిపోతే నా పని మళ్లీ మొదటికొస్తుంది. అలా కాకుండా ఆ సవరణ మీరే తేల్చేసి పంపిస్తే మరీ సంతోషం, 26ఏఎస్ చూస్తే పది నిమిషాల పని. కానీ దానికోసం బదిలీని మాత్రం ఆపొద్దు. 154 కింద నాలుగేళ్ల గడువు 2027 మార్చి 31తో అయిపోతుంది, ఈ రెండు ఆఫీసుల మధ్య ఆ రోజులు కరిగిపోకూడదనే నా టెన్షన్.

ఈలోగా ₹21,590 వసూలుకు ఏ చర్యా తీసుకోవద్దని, నా ₹14,200 రిఫండ్‌ను దానికి జమ చేయవద్దని కోరుతున్నాను.

ఈ మెయిల్ అందిందని ఒక్క లైను రాయండి. ఇవే కాగితాలు సంతకంతో స్పీడ్ పోస్టులో కూడా పంపుతున్నాను, ఒరిజినల్స్ చూడాలంటే నెల్లూరు ఆఫీసులో ఎప్పుడైనా చూపిస్తాను. ఇక మీదట వచ్చే కాగితాలు దయచేసి కుషాయిగూడకు కాకుండా వేదాయపాళెం అడ్రస్‌కే పంపించండి, పాత ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు.

ఇట్లు,
పి. రమణయ్య
వైండింగ్ షాపు, వేదాయపాళెం, నెల్లూరు.