మీ ఓపెన్ టు వర్క్ పోస్టు చూశాను, రెఫర్ చేస్తాను

శ్రావణి గారూ, నమస్తే. నాలుగేళ్ల జావా, స్ప్రింగ్ బూట్ అనుభవం, వెంటనే చేరగలనని రాశారు. రాయదుర్గంలో మా టీమ్‌కి పక్క టీమ్‌లో బ్యాకెండ్ పోస్టు ఒకటి ఖాళీగా ఉంది, మూడు నుంచి ఆరేళ్ల అనుభవం అడుగుతున్నారు. వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలి. మీరు ఎల్బీ నగర్ అన్నారు కాబట్టి అమీర్‌పేటలో మెట్రో మారాలి, అది కూడా ఆలోచించుకోండి.

నేను చేయగలిగింది: మీ రెజ్యూమే పోర్టల్‌లో పెట్టి, హైరింగ్ మేనేజర్‌కి రెండు లైన్ల మెసేజ్ పంపుతాను. మీతో కలిసి పనిచేయలేదు కాబట్టి ఫారంలో 'పోస్టు ద్వారా పరిచయం' అనే రాస్తాను. మీ పనితీరుకి హామీ ఇవ్వలేను. ఇంటర్వ్యూ కాల్ వస్తుందని మాటివ్వలేను, ప్రశ్నలు చెప్పలేను, జీతం బడ్జెట్ నాకు తెలియదు. స్టేటస్ 'పరిశీలనలో ఉంది' అని మాత్రమే కనిపిస్తుంది, ఎందుకు రిజెక్ట్ చేశారో నాక్కూడా చెప్పరు. మీరు చేరితే నాకు రెఫరల్ బోనస్ వస్తుంది, ఆ సంగతి మీకు ముందే తెలియాలి. మీ నుంచి మాత్రం పైసా అక్కర్లేదు. రెఫరల్‌కి డబ్బు అడిగేవాళ్లని దగ్గరికి రానీయకండి.

గత ఆరు నెలల్లో మా కంపెనీకి మీరే అప్లై చేశారా? చేసి ఉంటే నా రెఫరల్ సిస్టమ్‌లో అంటుకోదు, అదే మెయిల్ ఐడీతో పాత అప్లికేషనే పైకొస్తుంది. అందుకే ఇది ముందు చెప్పండి. చేయకపోతే పేరు, మెయిల్, ఫోన్ నంబర్ నాకు విడిగా మెసేజ్ చేయండి, కామెంట్లలో వద్దు. నేను పెట్టాక మీకో లింక్ వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. ఆ లింక్ నుంచే అప్లై చేయాలి. కెరీర్స్ పేజీకి వెళ్లి విడిగా చేస్తే రెఫరల్ పోతుంది.

రెజ్యూమేలో రెండు మార్పులు చేసి పీడీఎఫ్ పంపండి. ఇప్పుడున్నది రెండు కాలమ్‌ల టెంప్లేట్. అలాంటివాటిని సాఫ్ట్‌వేర్ చదివేటప్పుడు ఎడమ పక్క స్కిల్స్, కుడి పక్క కంపెనీ తేదీలు కలిసిపోతుంటాయి, ఒకే కాలమ్‌లో పెట్టండి. 'ఆర్డర్ సర్వీస్‌లో కాఫ్కా వాడాను' అన్న లైన్ చాలదు. రోజుకి ఎన్ని మెసేజ్‌లు, ఒకే మెసేజ్ రెండుసార్లు వస్తే ఎలా ఆపారు, కన్స్యూమర్ వెనకబడితే ఏం చేశారు? మేనేజర్ చూసేది అదే, మీరు చేసిన పని బలం అక్కడే తెలుస్తుంది. కంపెనీల్లో చేరిన, మానేసిన తేదీలు యూఏఎన్ సర్వీస్ హిస్టరీతో సరిపోయేలా చూసుకోండి. తేడా ఉంటే ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. ఉద్యోగం పోయాక వచ్చిన గ్యాప్ ఉన్నది ఉన్నట్టు రాయండి, లేఆఫ్ అని రాయడంలో తప్పేం లేదు.

గురువారం సాయంత్రంలోపు పంపితే శుక్రవారం పొద్దున్నే పెట్టేస్తాను. రెండు వారాలైనా కదలిక లేకపోతే ఒకసారి గుర్తుచేయండి, రిక్రూటర్‌ని ఒకసారి అడుగుతాను. అంతకుమించి ఒత్తిడి చేయలేను, కాబట్టి మిగతా చోట్ల ప్రయత్నాలు ఆపొద్దు.