ఇవాళ్టి రివ్యూ మీటింగ్ గురించి

సర్,

ఇవాళ రివ్యూలో సేల్స్ స్లైడ్ దగ్గర నన్ను ఆపి, "చూసుకోకుండానే పెట్టేశావా?" అని అందరి ముందూ అన్నారు. నాకు చాలా బాధేసింది. ఆ అంకెలు సోమవారం ఫైనాన్స్ టీమ్ పంపిన షీట్‌లోవే, ఆ తర్వాత వాళ్లు షీట్ మార్చిన సంగతి నాదాకా రాలేదు, ఆ మెయిల్ కూడా జత చేస్తున్నాను. అక్కడే చెబుదామనుకున్నాను, ఈలోపు మీరు తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు.

తప్పు కనిపిస్తే అడగడం మీ బాధ్యత, దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇలాంటివి ముందు నాతో విడిగా మాట్లాడండి, ఎందుకంటే రేపు ఆ టీమ్‌తోనే నేను పని చేయించాలి.

సరిచేసిన స్లైడ్ సాయంత్రంలోపు పంపిస్తాను. రేపు ఉదయం ఓ పది నిమిషాలు మీతో మాట్లాడాలి, ఎప్పుడు రమ్మంటారు?