ఎక్స్‌పీరియన్స్ లెటర్, రిలీవింగ్ లెటర్ ఇంకా అందలేదు – అనంతపురం డిపో, ఆఖరి పనిదినం 30-08-2025

హెచ్‌ఆర్ మేడమ్ గారికి నమస్తే,

నేను మల్లెల శ్రీలతను, మన అనంతపురం డిపోలో స్టోర్స్ చూసేదాన్ని. ఆగస్టు 30తో నా నోటీస్ పీరియడ్ అయిపోయింది. ఈ రోజు అక్టోబరు 6, ఇంతవరకు రిలీవింగ్ లెటర్ గానీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ గానీ రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ప్రాసెస్‌లో ఉందనే అంటున్నారు. మీరు మళ్లీ ఎవరినీ అడిగే పని లేకుండా వివరాలన్నీ ఈ మెయిల్‌లోనే రాస్తున్నాను.

బెంగళూరులో కొత్త ఉద్యోగంలో అక్టోబరు 27న చేరాలి. మీరు పంపిన రిజిగ్నేషన్ యాక్సెప్టెన్స్ మెయిల్ చూసి వాళ్లు ఆఫర్ ఇచ్చారు గానీ, వెరిఫికేషన్ కోసం రెండు లెటర్లూ 20వ తేదీలోగా అప్‌లోడ్ చేయమన్నారు. అది దాటితే చేరే తేదీ మారుస్తామని అంటున్నారు, మారితే ఆ ఉద్యోగం నాకోసం ఎంతకాలం ఆగుతుందో తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్. దయచేసి 15వ తేదీకల్లా పంపండి.

పోయిన వారం అకౌంట్స్ వాళ్లు, స్టాక్ రిపోర్ట్ రాలేదు కాబట్టి ఫైల్ ఆపాం అన్నారు. ఆ రిపోర్ట్ ఉంది. ఆఖరి రెండు రోజులూ డిపో మేనేజర్ గారు, నా స్థానంలో వచ్చిన అబ్బాయి, నేను ముగ్గురం గోడౌన్‌లోనే ఉండి 16 ఎంఎం లేటరల్ పైపు చుట్టల దగ్గర్నుంచి ఫిల్టర్లు, వెంచురీలు, ఎండ్ క్యాపుల డబ్బాల దాకా వరుసగా లెక్కపెట్టి, సిస్టమ్‌లో ఉన్న అంకెతో సరిచూసి టిక్కు పెట్టుకున్నాం. తేడా వచ్చింది ఒక్కచోటే. రాయదుర్గం వైపు ఒక రైతు వెనక్కి పంపిన నాలుగు చుట్టలకు క్రెడిట్ నోట్ ఎక్కలేదు, చుట్టలు మాత్రం గోడౌన్‌లోనే ఉన్నాయి. ఆ సంగతి షీట్ కిందే రాసి మేనేజర్ గారు సంతకం పెట్టారు. ల్యాప్‌టాప్, ఛార్జర్, ఆఫీస్ సిమ్, ఐడీ కార్డు, గోడౌన్ తాళాలు అప్పగించినట్టు క్లియరెన్స్ ఫారం మీదా ఆయన సంతకమే ఉంది. రెండూ జతచేశాను.

ఇంకా సెటిల్‌మెంట్ డబ్బుల్లో ఏదైనా సందేహం ఉంటే అడగండి, కాగితాలు చూసుకుని జవాబు చెబుతాను. కానీ అది తేలేదాకా లెటర్లు ఆపడం న్యాయం కాదు. నేను ఇక్కడ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పని చేశాననేది ఆ లెక్క ఎటు తేలినా మారేది కాదు కదా.

లెటర్‌లో ఏముండాలో కూడా చెబుతాను. చేరింది 2022 జూన్ 13న, అకౌంట్స్ అసిస్టెంట్‌గా. 2024 ఏప్రిల్ 1 నుంచి స్టోర్స్ ఇన్‌ఛార్జి. ప్రమోషన్ లెటర్ మీరే ఇచ్చారు కాబట్టి రెండు హోదాలూ, వాటి తేదీలూ రాయండి. ఆఖరి హోదా ఒక్కటే రాస్తే అకౌంట్స్ అనుభవం లెక్కలోకి రాదు, కొత్త చోట నన్ను తీసుకున్నది దానికోసమే. ఏపీఎంఐపీ సబ్సిడీ ఫైళ్లు, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు, ఈ-వే బిల్లులు చూశానని ఒక వాక్యం ఉన్నా చాలు. చీనీ రైతుల ఫైళ్లు ఎక్కువగా నా చేతిమీదుగానే వెళ్లాయి, మేనేజర్ గారిని అడిగినా చెబుతారు. పేరు మీ రికార్డుల్లో ఎం. శ్రీలత అని ఉంది. ఆధార్, పాన్‌లలో ఉన్నట్టు మల్లెల శ్రీలత అని పూర్తిగా రాయండి, లేకపోతే వెరిఫికేషన్‌లో మళ్లీ వెనక్కి వస్తుంది.

పీఎఫ్ పోర్టల్‌లో నా ఎగ్జిట్ తేదీ ఇంకా ఖాళీగానే ఉంది. నేనే వేసుకోవాలంటే ఆఖరి చందా తర్వాత రెండు నెలలు ఆగాలి, మీరైతే ఇప్పుడే వేయొచ్చు. అక్కడా ఆగస్టు 30 అనే వేయండి, లెటర్‌కీ దానికీ తేడా రాకూడదు. జూన్, జులై, ఆగస్టు పే స్లిప్పులు కూడా కావాలి, ఉద్యోగం మానేసిన రోజే నా లాగిన్ ఆగిపోయింది కాబట్టి నేను డౌన్‌లోడ్ చేసుకోలేను. ఫుల్ అండ్ ఫైనల్ లెక్క షీట్ మాత్రం తర్వాత పంపినా పర్వాలేదు. ఐదేళ్లు నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ అడగడం లేదు.

ముందు కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకం, స్టాంపుతో స్కాన్ కాపీలు ఈ మెయిల్‌కే పంపండి. ఒరిజినల్స్ హైదరాబాద్ నుంచి డిపోకి వచ్చే కవర్లో పెట్టినా సరే, నేను 25వ తేదీ దాకా అనంతపురంలోనే ఉంటాను, వెళ్లి తీసుకుంటాను. 15లోగా కుదరకపోతే ఎవరి దగ్గర ఆగిందో, ఏ రోజుకు ఇస్తారో రేపు సాయంత్రంలోగా ఒక్క మాట రాయండి. నేను ఆ కాగితం చూపించి కొత్త కంపెనీ వాళ్లను గడువు అడగాలి.

జతచేసినవి: రిజిగ్నేషన్ యాక్సెప్టెన్స్ మెయిల్, క్లియరెన్స్ ఫారం, స్టాక్ షీట్, ప్రమోషన్ లెటర్, ఆధార్, పాన్ కాపీలు.

ఇట్లు,
మల్లెల శ్రీలత
అనంతపురం